నారాకోడూరు దగ్గర ఆగిపోయిన భూప్రదక్షిణ

మొన్న డిసెంబరు ఆఖరి రోజు పొద్దున్న మా తెనాలి సైకిలు క్లబ్బు బహుమతుల సభకు వెళ్ళి, ముందు వరసలో మా అన్నయ్య పక్కన కూర్చున్నాను. ఇప్పటి అధ్యక్షుడు చురుకైన కుర్రాడు, మా చుట్టాలబ్బాయే, మైకు పట్టుకుని గోడ మీది తెర వైపు చెయ్యి చూపించాడు. సభ్యులందరి ఫోన్లలోంచీ దానంతటదే కూడుకుని వచ్చిన మొత్తం అక్కడ పెద్ద పెద్ద అంకెల్లో వెలిగింది: లక్షా తొంభై రెండు వేల రెండు వందల కిలోమీటర్లు. అందరం చప్పట్లు కొట్టాం. అబ్బాయి థాంక్యూ అన్నాడు, ఇక బహుమతులు అన్నాడు. అధ్యక్షోపన్యాసం అయిపోయింది! నేను చేతిసంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకునేలోపలే అయిపోయింది.

మా అన్నయ్య అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో ఈ ఉపన్యాసం ముప్పావు గంటకి తక్కువ ఉండేది కాదు. వెనక వంటవాళ్ళు సాంబారు రెండోసారి వెచ్చబెట్టేవాళ్ళు. అయినా ఎవరూ లేచి వెళ్ళేవాళ్ళు కాదు, ఎందుకంటే వెళ్ళిపోతే మన కిలోమీటర్లు ఏ ఊరిదాకా పోయాయో తెలియదు కదా. పన్నెండేళ్ళ కిందటి ఒక సభ గురించి చెప్తాను. ఆ రోజు నేను సైకిలు మానేద్దామని తీర్మానించుకుని మరీ వెళ్ళాను.

అప్పటికి నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరై ఏడాది కాలేదు. నా తోటి వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ట్రంకు కాల్ బుక్ చేసుకుని ఫోను పక్కన ఇంటిల్లిపాదీ కూర్చునే రోజులు. చెవులకి ఆ బరువైన హెడ్‌సెట్టు తగిలించుకుని "హలో బాపట్లా", "హలో రేపల్లే" అని నేను అరవగానే అవతల ఆ ఊరి అమ్మాయి పలికేది. రేపల్లె అమ్మాయికి జలుబు చేస్తే నాకు తెలిసేది, బాపట్లలో వాన పడుతుంటే లైనులో గరగర వినిపించేది. తెనాలి కబుర్లన్నీ ఆ ఊళ్ళకి పంపించింది నేనే గానీ, నేను మాత్రం కుర్చీలోంచి కదిలిన పాపాన పోలేదు. వాటి ఎస్టీడీ కోడ్లు అడిగితే నిద్రలో లేపినా చెప్పేదాన్ని, ఎంత దూరమో అడిగితే మాత్రం నోరెళ్ళబెట్టేదాన్ని.

రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే అన్నయ్య ఊరుకోకుండా ఒక లేడీసు సైకిలు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టాడు. అరవయ్యేళ్ళ వయసులో సైకిలు నేర్చుకోవడమంటే మాటలా! పక్కింటివాళ్ళు పనులు మానుకుని చూశారు. రెండుసార్లు కొబ్బరిబొండాల బండికి తగిలాను, ఒకసారి నేరుగా మురుక్కాలవలోకే వెళ్ళాను. మొత్తానికి వచ్చేసింది. అయితే పొద్దున్నే మా వీధి, పార్కు రోడ్డు, మహా అయితే కాలవ గట్టు. అంతకు మించి వెళ్ళాలంటే లారీల భయం. దసరాకి మొదలుపెట్టిన దాన్ని, డిసెంబరు ఆఖరికి నా మీటర్లో తిరిగింది నూట ఎనభై ఆరు కిలోమీటర్లు.

అదే క్లబ్బులో బాపట్ల నుంచి మా పిన్ని కూతురు కూడా ఉండేది. నాకన్నా రెండేళ్ళు చిన్నది, నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివినట్టు మాట్లాడేది, ఆ ఏడాది రెండు వేలు దాటించింది. సభకి నాలుగు రోజుల ముందు వచ్చినప్పుడు నా మీటరు చూసి పకపకా నవ్వి, "అక్కా, నీ కిలోమీటర్లన్నీ కలిపితే మా బాపట్లకి రెండుసార్లు వచ్చి వెళ్ళేసరికి అయిపోతాయే" అంది. లెక్క సరైనదే, అందుకే మరీ మండింది. సభలో అందరి ముందూ నా అంకె చదివితే ఇంకేమైనా ఉందా? నా పేరు తీసెయ్యమని అన్నయ్యని బతిమాలాను. "లెక్కలో ఉన్నాక చదవాల్సిందే చెల్లాయ్, తీసేస్తే లెక్క తప్పవుతుంది" అని ఒక్క మాటలో కొట్టిపారేశాడు. సరే చదవనీ, ఆ బాపట్ల మనిషి నవ్వనీ, ఇంటికి వెళ్ళగానే సైకిలు ఎవరికైనా ఇచ్చేసి పీడ వదిలించుకుంటాను అని మనసులో గట్టిగా అనుకుని వెళ్ళి ఆఖరి వరసలో, గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాను.

అన్నయ్య ఉపన్యాసం పద్ధతి చెప్పాలి. నెల మొదటి తారీఖున ఎవరి మీటరు అంకె వాళ్ళు ఆయనకి ఫోను చేసి చెప్పాలి, డిసెంబరుది మాత్రం సభకి రాగానే. మీటరు లేనివాళ్ళకి కిలోమీటరు రాళ్ళే ఆధారం. పొన్నూరుకి ఇంత, కొల్లిపరకి ఇంత అని ఆయన దగ్గర కొలతలు ఉండేవి, అందులో కొసర్లు ఉండవు. సైకిలు మీద కూర్చుని తొక్కినవే లెక్క, నడిపించుకుంటూ నెట్టినవి కావు. సంవత్సరం ఆఖరి రోజు సభలో ముందు అందరివీ కూడి మొత్తం చెప్పేవాడు. తరవాత ఆ మొత్తాన్ని మనకి తెలిసిన ఊళ్ళలోకి మార్చేవాడు. ఇక మూడోది, అసలైనది, ఆయన ఒక్కడికే చేతనైనది: ఒక పెద్ద ప్రయాణం అనుకుని, ఎక్కువ తొక్కినవాళ్ళ దగ్గర్నుంచి తక్కువ తొక్కినవాళ్ళ దాకా అందరి కిలోమీటర్లనీ ఒకదాని కొస ఇంకొకదానికి ముడేసి పరిచేవాడు. ఒకరు ఆపిన చోటునుంచి ఇంకొకరు అందుకోవాలి. అంతకుముందు ఏడాది ఆ లెక్కన క్లబ్బంతా కలిసి లండను దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ లండను వెళ్ళింది. తిరుగు టిక్కెట్టు లేదని వదిన ఏడిపించింది.

ఆ ఏడాది భూప్రదక్షిణ. తెనాలి మీదుగా భూమి చుట్టూ ఒక తాడు చుడితే నలభై వేల డెబ్భై అయిదు కిలోమీటర్లు పడుతుందని, మన మొత్తం నలభై వేల మూడు వందల అరవై ఒకటని, అంటే చుట్టి వచ్చి ఇంకా మిగిలిందని అన్నయ్య వేదిక మీద ప్రకటించేసరికి హాలు హోరెత్తిపోయింది. ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరుగారు కూడా లేచి చప్పట్లు కొట్టారు. నేను గబగబా వేళ్ళ మీద లెక్కవేసుకున్నాను. చిట్టచివరి నూట ఎనభై ఆరూ నావి. నావి తీసేసినా భూమి చుట్టడం అయిపోయి ఇంకో వంద మిగులుతోంది. అంటే నేను లేకుండానే భూమి తిరిగేసింది! హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ హమ్మయ్య వెనకే చిన్నబుచ్చుకున్నాను కూడా. మరీ కూరలో కరివేపాకునా నేను, అనిపించింది.

అన్నయ్య మాత్రం మహా ఉత్సాహంగా ఉన్నాడు. ఈ మొత్తాన్ని రేపల్లెకి మారిస్తే, తెనాలి నుంచి ముప్ఫై నాలుగు, రానూపోనూ అరవై ఎనిమిది, కాబట్టి ఐదొందల తొంభై మూడు సార్లు వెళ్ళొచ్చి మళ్ళీ ఒకసారి రేపల్లె చేరినట్టన్నాడు. బాపట్లకి రానూపోనూ తొంభై, నాలుగొందల నలభై ఎనిమిది సార్లు వెళ్ళొచ్చినట్టన్నాడు. మా బాపట్ల చెల్లెలు కూర్చున్న చోటునుంచే చెయ్యి ఊపింది. అప్పుడిక తాడు పరచడం మొదలైంది. మొదటి ముక్క ఆయనదే, ఏడు వేల రెండు వందల పది. అందులో జూలై నుంచి అల్లుడు కొనిచ్చిన గేర్ల సైకిలు మీద తొక్కినవి మూడు వేల ఏడు వందలట. వారానికి రెండుసార్లు రేపల్లె, వెళ్ళొస్తే మీటర్లో సుమారుగా డెబ్భై నాలుగు, అంటే సరిగ్గా యాభై సార్లు అని గుండెలు పొంగించి చెప్పాడు.

వదినది పుట్టిల్లు రేపల్లె. ముందు వరసలో కూర్చుని, పక్కావిడ తెచ్చిన చీర అంచు చూస్తోంది. అలా చూస్తూనే, మైకు అక్కర్లేని గొంతుతో, "ఏవండీ, ఇందాక అరవై ఎనిమిదన్నారు కదా, ఈలోగా మా రేపల్లె అంత దూరం ఎప్పుడు జరిగిందండీ?" అంది.

హాలంతా గొల్లుమంది. అన్నయ్య కూడా నవ్వబోయాడు, నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయాడు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం ఆఖరి వరసలో ఉన్న నాకే కనిపించింది. అరవై ఎనిమిది, డెబ్భై నాలుగు. ఆయన వేళ్ళు బల్ల మీద ఆ రెండంకెలూ రాసుకుంటున్నట్టు కదిలాయి. తరవాత నెమ్మదిగా కిందికి దిగి, హాలు బయట వరసగా నిలబెట్టిన సైకిళ్ళ దగ్గరికి నడిచాడు. మేమూ వెనకాలే.

సైకిలు మీటరు సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. ముందు చక్రం ఊచకి చిన్న అయస్కాంతం ఉంటుంది. అది చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి ఉన్న డబ్బీ ముందునుంచి వెళ్ళినప్పుడల్లా చక్రం ఒక చుట్టు తిరిగిందని మీటరు లెక్కపెట్టుకుంటుంది. ఒక చుట్టుకి ఎంత దూరమో మాత్రం దానికి మనమే చెప్పాలి. అన్నయ్య పాత సైకిలు ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం ఉన్న ఎత్తు బండి. కొత్త గేర్ల సైకిలుకి ఇరవై ఆరు. మీటరు మీద ప్రేమకొద్దీ పాతదాన్నుంచి తనే విప్పి తనే కొత్తదానికి బిగించుకున్నాడు, సైకిలు షాపు భాయ్‌ని చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. లోపలి చక్రం కొలత మాత్రం మార్చలేదు. పాపం మీటరు, చిన్న చక్రం తిరిగినా ఇంకా పెద్ద చక్రమే అనుకుని ప్రతి చుట్టుకీ ఒక జానెడు ఎక్కువ కలుపుతూ పోయింది. దూరమే కాదు, వేగం కూడా ఎక్కువ చూపించింది. గేర్ల మహిమ, వయసు వెనక్కి వెళ్తోందని ఆర్నెల్లుగా ఆయన మాకందరికీ చెప్పింది ఆ వేగం చూసే.

సభకి వచ్చి ఉన్న ఆ భాయ్ మీటరు మీట నొక్కి చూసి, "పాత చక్రం కొలతే ఉందండి సార్" అన్నాడు, అంత మెల్లగా చెప్పినా అందరికీ వినిపించింది. అన్నయ్య మళ్ళీ వేదిక ఎక్కాడు. ఎవరో సర్ది చెప్పబోయారు, పోన్లెండి సార్, ఎవరు చూడొచ్చారు అని. మా అన్నయ్యకి తిక్క రేగడానికి ఆ మాట చాలు. నేను చూశాను కదయ్యా అన్నాడు. డెబ్భై నాలుగు అన్న చోటల్లా అరవై ఎనిమిది, యాభై సార్లకీ ఆరేసి చొప్పున మూడు వందలు తగ్గించాలి. నలభై వేల మూడు వందల అరవై ఒకటిలో మూడు వందలు పోతే నలభై వేల అరవై ఒకటి. భూమికి పద్నాలుగు కిలోమీటర్లు తక్కువ. భూమి చుట్టలేదండీ, నా తప్పే, క్షమించండి అని మా నలభై మందికీ చేతులు జోడించాడు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడాయన, స్వీట్లు చేయించాడు.

అయినా ఉపన్యాసం ఆపలేదు. తాడు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా పరుస్తానన్నాడు. బంగాళాఖాతం దాటించాడు, సయాం దేశం, పసిఫిక్ సముద్రం, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కొక్క ముక్కా వేశాడు. మా చెల్లెలు రెండు వేలూ అరేబియా సముద్రంలో పడ్డాయి. చిన్న చిన్న ముక్కలవాళ్ళు గోవా దగ్గర ఒడ్డెక్కించారు, కర్ణాటక దాటించారు, శ్రీశైలం అడవి దాకా తెచ్చారు. అక్కడ ఆగి నా వైపు చూశాడు. "శ్రీశైలం నుంచి ఇటు తీసుకొచ్చింది మా చెల్లాయి. నూట ఎనభై ఆరు. నారాకోడూరు దాకా తెచ్చింది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇందాక అక్కర్లేని కరివేపాకుని, ఇప్పుడు క్లబ్బు మొత్తాన్నీ నా వెనక వేసుకుని గుంటూరు రోడ్డు మీద నారాకోడూరు దగ్గర నిలబడి ఉన్నాను, ఇల్లు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో కనిపిస్తూ! అప్పుడు మా చెల్లెలు లేచింది. ఏమంటుందో అని పళ్ళు బిగబట్టుకున్నాను. "ఇవాళ ఇంకా ముప్ఫై ఒకటే కదన్నయ్యా, ఏడాది అయిపోలేదుగా. అక్క వెళ్ళి తొక్కుకొస్తుంది" అంది.

నేను వద్దంటున్నా వినేవాళ్ళెవరు? నా జన్మలో ఏకబిగిని అయిదు కిలోమీటర్లు తొక్కలేదు మొర్రో అన్నాను. అందరూ మేం తోడు వస్తామన్నారు, సైకిళ్ళ స్టాండ్లు ఠకఠకా లేచాయి. అన్నయ్య పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. ఒక్కరు కూడా సైకిలు ఎక్కడానికి వీల్లేదన్నాడు. ఎక్కితే అవీ లెక్కలోకి వస్తాయి, నలభై మంది ఎక్కారంటే నారాకోడూరు ఊరు దాటకుండానే పద్నాలుగూ పూర్తవుతాయి, అది తాడు కొసలు కలవడం కాదు, కాకిలెక్క అన్నాడు. ఏం చేస్తాం! నన్నూ నా సైకిలునీ ఒక ట్రాలీ ఆటోలో ఎక్కించి నారాకోడూరు తీసుకెళ్ళారు. చక్రం కొలత సరిగ్గా ఉందో లేదో ఈసారి అన్నయ్య భాయ్ చేత మూడుసార్లు చూపించాడు. క్లబ్బంతా, టోపీలూ బనీన్లూ వేసుకున్న సైకిలు వీరులంతా, అయిదారు ఆటోల్లో కిక్కిరిసి నా ముందూ వెనకా బయల్దేరారు. డాక్టరుగారు కూడా ఎక్కారు, ఏ రోగానికైనా ఉపయోగపడతానని.

ఆ ప్రయాణం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. రెండు పక్కలా కోసిన వరి పొలాలు, కుప్పలు, మధ్య మధ్యలో మినుము పచ్చగా లేస్తోంది. చల్లగాలి మొహానికి కొడుతోంది. ముందు ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న మా చెల్లెలు నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని "ఎడం పక్కకి అక్కా, ఎడం పక్కకి! లారీ వస్తోంది, చూడొద్దు, తొక్కు!" అని దారి పొడుగునా అరుస్తూనే ఉంది. సగం దారికి తొడలు బిగిసిపోయాయి. ఒక కాలవ వంతెన ఎక్కే చోట సైకిలు ఇక కదలనంది, కాలు కింద పెట్టేశాను. నెట్టుకుంటూ ఎక్కిస్తే వంతెన నా లెక్కలోంచి పోతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి తొక్కాల్సిందే. వెనక ఆటోల్లోంచి ఒక్క మాట లేదు. నాకు ఎందుకో ఎక్స్ఛేంజిలో లైను కలవనప్పుడు అవతలివాళ్ళు ఊపిరి బిగబట్టి వినే ఆ నిశ్శబ్దం గుర్తొచ్చింది. అన్నేళ్ళు ఇతరులని ఇళ్ళకి కలిపాను, ఇవాళ వీళ్ళని చేర్చలేనా అని మొండి పుట్టుకొచ్చింది. పమిట కొంగు నడుముకి దోపి పెడలు మీద నిలబడ్డాను. ఎక్కింది! అవతల దిగుడుకి నేను తొక్కకుండానే జారుతుంటే వెనక హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

తెనాలి శివారు అంగలకుదురు వచ్చేసరికి రోడ్డు పక్కవాళ్ళు పెళ్ళిబృందమా అని అడగడం మొదలుపెట్టారు. హాలు గేటు దగ్గరికి వచ్చి మీటరు చూస్తే పదమూడు పాయింటు ఎనిమిది. దిగబోయాను, అన్నయ్య దిగనివ్వలేదు. హాలు ప్రహరీ లోపల, పాత్రలు కడిగే అమ్మాయిలు పక్కకి తప్పుకుంటుంటే, చుట్టూ తిప్పించాడు, పద్నాలుగు పడే దాకా. పడగానే మైకులో ప్రకటించడానికి వేదిక ఎక్కాడు. వదినే మైకు లాక్కుని, "మా ఆడపడుచు ఇంటికి తీసుకొచ్చిందండీ, ఇక అన్నాలకి రండి" అంది. మా చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజు సైకిలు ఎవరికీ ఇవ్వలేదు.

మరుసటి ఏడాది నేను బాపట్ల వెళ్ళాను, మా చెల్లెలి గుమ్మంలో బెల్లు కొట్టాను. ఆ తరవాత రేపల్లె కూడా. లైనులో గరగర లేకుండా ఆ ఊళ్ళని వినడం అదే మొదలు.

ఇప్పుడు అన్నయ్యకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, ఏడాది మొత్తానికి ఒక్క కిలోమీటరూ లేదు. నేనూ మళ్ళీ ఆఖరికి వచ్చేశాను, వంద కూడా దాటలేదు. మొన్న ఆ తెర మీద మొదటి యాభై మంది పేర్లే వచ్చాయి, మిగతావాళ్ళం మొత్తంలో కలిసిపోయాం. తప్పుపట్టను. ఇప్పుడు క్లబ్బులో వంద మందికి పైగా ఉన్నారు, అందులో ఆడపిల్లలే సగం, ఉదయం ఆరింటికి గుంపుగా బాపట్ల రోడ్డు మీద వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. చక్రం కొలత గొడవ లేదు, ఫోను ఆకాశంలోంచి కొలుస్తుందట. పొరపాటే జరగదు.

అంకె వెలిగినప్పుడు అన్నయ్య వేళ్ళు నా పక్కన కుర్చీ చేతి మీద కదలడం చూశాను. "చంద్రుడికి సగం దూరం" అన్నాడు చెవిలో. "సరిగ్గా సగం. అక్కడ ఆగారు వీళ్ళు, వీళ్ళకి తెలీదు." సభ అయ్యాక ఆ సంగతి అధ్యక్షుడు అబ్బాయికి చెప్పాను. అతను కళ్ళు పెద్దవి చేసి, నిజమా పెద్దమ్మా, వచ్చే ఏడాది ఉపన్యాసం మీరే ఇవ్వండి, ముప్పావు గంటైనా సరే అన్నాడు. ఒప్పుకున్నాను. అన్నయ్య అప్పుడే లెక్కలు మొదలుపెట్టేశాడు. ఇప్పటి అంకెలు తప్పు రావు, సంతోషమే. కానీ ఎక్కడ ఆగిపోయామో ఎవరో ఒకరు చెప్పాలి కదా, చెబితేనే కదా మనలో ఒకరు లేచి అక్కడికి వెళ్ళి అందరినీ ఇంటికి తీసుకొచ్చేది.